“నాదేముంది సార్”: పై అధికారి మెచ్చుకోలుకు చాట్‌లో బదులివ్వడంపై ఒక కేసు

ఒడిశాలోని పర్లాకిమిడిలో సాయంత్రం పూట చిన్న ఉద్యోగులకు ఉత్తరాలు, మెయిళ్లు, చాట్ సందేశాలు రాయడం నేర్పడం నా పని. ఈ కేసు అలా నా దగ్గరికి వచ్చిన ఒక యువతిది. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. సంస్థను, మనుషులను గుర్తుపట్టగల వివరాలు తీసేశాను. సందేశాల మాటలు మాత్రం ఆమె ఫోనులో ఉన్నట్టే ఉంచాను, ఎందుకంటే ఈ కేసు మొత్తం ఆ మాటల మీదే నిలబడి ఉంది.

నేపథ్యం

ఆమెకు ఇరవై ఆరేళ్లు. గజపతి జిల్లాలోని తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఉద్యోగంలో రెండూ. జీడి పిక్కలు కొని ఆంధ్ర వైపు ఫ్యాక్టరీకి పంపే ఒక సంస్థకు ఇక్కడున్న కొనుగోలు డిపోలో ఆమె సరుకు చూసుకుంటుంది. కొండ గ్రామాల నుంచి వచ్చిన పచ్చి పిక్కలను తూయించడం, కళ్లంలో ఆరబెట్టించడం, తేమ మీటరుతో చూసి 80 కిలోల బస్తాలకెత్తించి లారీ ఎక్కించడం ఆమె బాధ్యత. ఆమెతో పాటు తూకం దగ్గర ఒక పెద్దాయన, ఒక వాచ్‌మన్, రోజుకూలీకి వచ్చే ఆడవాళ్లు ఉంటారు. తూకం పెద్దాయనను డిపోలో అందరూ కాటా బాబాయి అంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను.

ఆరు డిపోల వాళ్లూ, ఫ్యాక్టరీ వాళ్లూ కలిసి ముప్పై మందికి పైగా ఉన్న ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. కొనుగోళ్లన్నిటికీ పైనున్న అధికారి యాభై దాటిన తెలుగాయన, సరిహద్దుకు అవతల ఉంటారు. ఆమెను “అమ్మా, నువ్వు” అంటారు, ఆమె “సార్, మీరు” అంటుంది. ఇద్దరూ ముఖాముఖి కలిసింది ఏడాదికి రెండు మూడు సార్లే. అందువల్ల ఆయన దృష్టిలో ఆమె అంటే దాదాపుగా ఆమె రాసే సందేశాలే.

వచ్చిన సమస్య

ఏప్రిల్‌లో ఒక రాత్రి తొమ్మిది దాటాక ఆయన గ్రూపులో ఇలా రాశారు: “ఈసారి పర్లాకిమిడి సరుకు అన్ని డిపోల కంటే బాగా ఆరి వచ్చింది. బాగా చూసుకున్నావమ్మా.” రెండు నిమిషాల్లో ఆమె జవాబు వెళ్లింది: “అయ్యో, నాదేముంది సార్. నేను చేసిందేం లేదు. అంతా మీ చలవే.” చివర చేతులు జోడించిన బొమ్మలు మూడు. ఆయన మళ్లీ ఏమీ రాయలేదు.

పన్నెండు రోజుల తర్వాత, కొత్తగా తెరిచిన రెండు డిపోల వాళ్లకు ఆరబెట్టడం చూపించడానికి వేరే డిపో ఉద్యోగిని పంపారు. ఆమె డిపో ఇన్‌ఛార్జి ఆయనకు ఫోను చేసి ఈమెను ఎందుకు పంపలేదని అడిగితే, ఆయన వెటకారం లేకుండా, మామూలుగా చెప్పిన మాట ఇది: “ఆ అమ్మాయే తను చేసిందేం లేదంది కదా. ఈసారి ఎండలు బాగా కాశాయేమో అనుకున్నాను.” ఈ మాట విని ఆమె నా దగ్గరికి వచ్చింది. “నేను వినయంగా ఉంటే ఆయన నిజమనుకున్నారండీ” అంది. ఆమె గొంతులో బాధ కంటే ఆశ్చర్యమే ఎక్కువ వినిపించింది.

నా మొదటి అంచనా, అది తప్పడం

ఆత్మవిశ్వాసం లేదని అనుకున్నాను. ఇలాంటి వాళ్లు వచ్చినప్పుడు మా వృత్తిలో మొదట తోచే మాట అదే, ఎక్కువసార్లు తప్పేదీ అదే. మొదటి రోజంతా ఆమె బలాలేమిటో రాయించాను. ఆమె చకచకా రాసింది, ఎక్కడా తడబడలేదు. తనకు పని వచ్చని ఆమెకు బాగా తెలుసు. అప్పటికి నా అంచనా మీద అనుమానం వచ్చి, రెండోసారి కూర్చున్నప్పుడు వేరే పరీక్ష పెట్టాను. నేను ఆ పై అధికారినైనట్టు ఎదురుగా కూర్చుని అదే మెచ్చుకోలు నోటితో చెప్పాను.

“అయ్యో, నాదేముంది సార్” అంది. చాట్‌లో రాసిన మాటే. నేను పెద్దవాళ్లు సహజంగా అనేట్టు “అదేంటమ్మా, నువ్వు చూసుకోకపోతే ఎలా ఆరింది?” అన్నాను. అప్పుడు తల కొంచెం వంచి, నవ్వి, మొత్తం చెప్పుకొచ్చింది. కుప్పను ఎన్నిసార్లు తిరగేయించిందో, మీటరును కుప్ప పైన, నడుమ, అడుగున మూడు చోట్ల ఎందుకు పెట్టి చూసిందో, నిరుడు బస్తాల్లో బూజు ఎందుకు పట్టిందో, ఈసారి దాన్ని ఎలా ఆపారో. ఆ నాలుగు నిమిషాల మాటల్లో గొప్పలు ఎక్కడా లేవు, పని మాత్రమే ఉంది.

కేసు ఇక్కడే తేలింది. మన ఇళ్లలో కాఫీ ఇస్తే మొదట “వద్దండీ, ఇప్పుడే తాగొచ్చాను” అంటాం. ఇంటివాళ్లు “ఒక్క గుక్కేనండీ” అంటారు. అప్పుడు పుచ్చుకుంటాం. మొదటి “వద్దు” నిజమైన వద్దు కాదని ఇద్దరికీ తెలుసు, అది రెండో మాటకు దారి వదలడం. మెచ్చుకోలుకు “నాదేముంది” అనడమూ అంతే. ఎదుటివాళ్లు రెట్టిస్తారన్న నమ్మకంతో అనే మాట అది, రెట్టించాకే అసలు జవాబు బయటికి వస్తుంది. చాట్‌లో ఆ రెండో మాట రాదు. పై అధికారి అప్పటికే వేరే డిపో సందేశానికి వెళ్లిపోయి ఉంటాడు. వంచిన తల, నవ్వు, గొంతు తగ్గించడం ఏవీ తెర మీద కనబడవు. ఆటలో మొదటి ఎత్తు మాత్రం అక్షరాల్లో అలాగే మిగిలిపోతుంది, నెల తర్వాత వెనక్కి జరిపి చూసుకున్నా అదే కనబడుతుంది.

మెచ్చుకోలుకు జవాబుల మీద అనిటా పోమెరంట్జ్ 1978లో ప్రచురించిన వ్యాసం మా రంగంలో తరచూ ప్రస్తావనకు వస్తుంది. ఇంగ్లీషు సంభాషణలను పరిశీలించి ఆమె చూపింది ఏమిటంటే, మెచ్చుకోలు అందుకున్న మనిషి మీద ఒకేసారి రెండు ఒత్తిళ్లు ఉంటాయి: ఎదుటివాళ్ల మాటను కాదనకూడదు, తనను తాను పొగుడుకోనూ కూడదు. అందుకే జవాబులు ఎక్కువగా ఈ రెంటికీ మధ్యన ఎక్కడో నిలుస్తాయి: కొంచెం తగ్గించి ఒప్పుకోవడం, ఘనతను మరొకరి వైపు జరపడం, తిరిగి మెచ్చుకోవడం. మన వైపు రెండో ఒత్తిడి మరీ గట్టిది. ఆత్మస్తుతి, పరనింద జంటగా వినబడే తిట్లు మనకు. పైగా నలుగురిలో పొగిడితే దిష్టి తగులుతుందన్న భయం ఒకటి. కానీ పై అధికారి విషయంలో మొదటి ఒత్తిడిని మరిచిపోతే వచ్చే నష్టం పెద్దది. “నేను చేసిందేం లేదు” అంటే, లారీ దింపించి బస్తా కోయించి చూసి ఆయన చెప్పిన తీర్పు తప్పని, ముప్పై మంది ముందు, చెప్పినట్టే.

మొదటి ప్రయత్నం: ఒక్క థాంక్యూ

కాబట్టి కాదనడం మానమన్నాను. ఏ మెచ్చుకోలు వచ్చినా “థాంక్యూ సార్” అని రాసి ఆపేయమన్నాను. నా లెక్క ఏమిటంటే, ముందు పాత అలవాటు తెగితే తర్వాత కొత్తది కట్టవచ్చు. మే మొదటి వారంలో ఆయన రిజిస్టరు గురించి రాశారు: “తూకం లెక్క, లారీ లెక్క గ్రాముతో సహా సరిపోయాయి. ఎలా పట్టుకొస్తున్నావో గానీ బాగుంది.” ఆమె “థాంక్యూ సార్” అంది. ఆయన బొటనవేలి గుర్తు పెట్టారు, అంతటితో అయిపోయింది.

మర్యాదకు లోటు లేదు, అయినా దీన్ని నేను విఫలమైన ప్రయత్నంగానే లెక్కవేశాను. ఆయన వాక్యాన్ని మళ్లీ చదవండి. “ఎలా పట్టుకొస్తున్నావో గానీ” అన్నది మెచ్చుకోలు వేషంలో ఉన్న ప్రశ్న. దూరాన ఉండే పై అధికారుల మెచ్చుకోళ్లలో చాలావాటికి లోపల ఇలాంటి ప్రశ్న ఒకటి ఉంటుంది. వాళ్లు నేరుగా “ఎలా చేశావు” అని అడిగితే అది విచారణలా వినిపిస్తుందని మెచ్చుకోలులో చుట్టి అడుగుతారు. థాంక్యూతో ఆ తలుపు మర్యాదగానే అయినా మూసుకుపోయింది.

ఇంకో సంగతి ఆమె ద్వారానే తెలిసింది. ఆ జవాబు చూసి వాళ్లమ్మ “ఏంటే, అంత బిర్రుగా రాశావు?” అందట. పెద్దవాళ్లకు మనం నోటితో థాంక్యూ చెప్పడం తక్కువ. చెప్పినా పక్కన ఇంకేదో కలిపి చెబుతాం. ఒంటరిగా నిలబెడితే అది లావాదేవీ ముగించినట్టుంటుంది. “ధన్యవాదాలు” అందామంటే సభలో వందన సమర్పణలా ఉంటుంది, “కృతజ్ఞతలు” మరీ పుస్తకాల మాట. మనం నిజంగా వాడే మాట కోసం ఆమెతో కలిసి వెతికితే దొరికింది “సంతోషం”. “సంతోషం సార్” అంటే ఆయన మాటను కాదనలేదు, తనను పొగుడుకోనూ లేదు, ఆయన చెప్పడం వల్ల తనకేమనిపించిందో చెప్పింది, అంతే. మన ఇళ్లలో పెద్దవాళ్లకూ చిన్నవాళ్లకూ కూడా నప్పే మాట అది. వ్యవహార భాషలోనే రాయాలని వాదించిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉండి, జవాబు కోసం నేను ముందు నిఘంటువు మాటల దాకా వెళ్లడం గురించి తర్వాత నవ్వుకున్నాను.

రెండో ప్రయత్నం: తొమ్మిది వరుసలు

తలుపు మూయకూడదు కాబట్టి, “సంతోషం సార్” తర్వాత ఏం చేసిందో చెప్పమన్నాను. ఎంత, ఎక్కడ అన్నది చెప్పలేదు. ఆ తప్పు నాది.

మే మధ్యలో ఇంకో లోడు వెళ్లింది. ఆయన గ్రూపులో “మళ్లీ మంచి సరుకు. ఒక్క బస్తా కూడా పక్కన పెట్టలేదు” అని రాశారు. ఆమె తొమ్మిది వరుసల జవాబు పెట్టింది. అందులోంచి కొంత: “సంతోషం సార్. నేను రోజూ పొద్దున్న ఆరింటికే డిపోకి వస్తున్నాను సార్. నేనే దగ్గరుండి రెండు గంటలకొకసారి కుప్పలు తిరగేయిస్తున్నాను. నేను మూడు చోట్ల మీటరు పెట్టి చూస్తున్నాను, మిగతా డిపోల్లో పైన ఒక్క చోటే చూస్తారు సార్...”

ప్రతి మాటా నిజమే. గ్రూపు మాత్రం మూగబోయింది. కాసేపటికి ఒక డిపో వాళ్లు “మేం కూడా ఆరబెట్టే పంపుతున్నాం” అని ఒక్క వరుస రాశారు. అధికారి “సరే అమ్మా” అన్నారు. అసలు దెబ్బ మర్నాడు పొద్దున్న తగిలింది. కాటా బాబాయి ఫోను చూడరు, ఎవరో చదివి వినిపించారు. ఆయన తూకం గుండ్లు సర్దుకుంటూ, ఆమె వైపు చూడకుండా, “ఎండలో కుప్పలు తిరగేసింది మేమే అనుకున్నానమ్మా ఇన్నాళ్లూ” అన్నారు. కూలీ ఆడవాళ్లు ఏమీ అనలేదు, అది ఆమెకు ఇంకా కష్టమనిపించింది.

ఆ సందేశాన్ని కాగితం మీద రాయించి ఇద్దరం ఒక గంట దాని ముందు కూర్చున్నాం. సమాచారం ఉన్నా గొప్పలుగా ఎందుకు మారిందో తేల్చకుండా మూడో ప్రయత్నానికి వెళ్లకూడదనుకున్నాను. మూడు కారణాలు కనబడ్డాయి, అందులో ఒకటి మాత్రమే పొడవుకు సంబంధించింది. ఆయన ఒక వరుస రాస్తే ఈమె తొమ్మిది రాసింది, అది అందరూ చూసేదే. పోలిక తేవడం రెండోది. “మిగతా డిపోల్లో” అనగానే ఆమె మెచ్చుకోలు పక్కవాళ్ల మీద ఫిర్యాదుగా మారింది. ఆయన నిజానికి ఎవరితోనూ పోల్చలేదు. మెచ్చుకున్నవాళ్లు తేని పోలికను అందుకున్నవాళ్లు తేకూడదు.

మూడోది తెలుగు వ్యాకరణంలో ఉంది, ఈ కేసులో నేను నేర్చుకున్నది ఎక్కువగా అదే. మన క్రియ చివరనే కర్త ఉంటాడు. “చూస్తున్నాను” అంటే చాలు, ఎవరో తెలిసిపోతుంది. కాబట్టి తెలుగు వాక్యంలో “నేను” అని విడిగా పెడితే అది ఊరికే ఉండదు, వేలితో గుండె చూపించుకున్నట్టు ఉంటుంది. “నేనే” అంటే మిగతా వాళ్లెవరూ కాదని కూడా అన్నట్టే. ఆమె సందేశంలో “నేను” నాలుగు, “నేనే” రెండు. వాటిని కొట్టేసి చదివితే అదే సమాచారం సగం గొప్పలు వదుల్చుకుంది.

ఇక “తిరగేయిస్తున్నాను” అన్న మాట. ఇక్కడ ఇతరుల చేత చేయించడాన్ని తెలిపే “ఇంచు” నిజాయితీగానే వచ్చింది, చేసింది కూలీలని అందులోనే ఉంది. కానీ కర్త స్థానంలో ఈమే మిగిలింది. చేసిన చేతులు క్రియ లోపల ఇరుక్కుపోయాయి. “తిరగేశాం” అంటే అందరూ బయటికి వస్తారు.

“అయితే మనం అనాలా, మేం అనాలా?” అని ఆమె అడిగింది. మంచి ప్రశ్న, నేను అంతకుముందు దాన్ని పట్టించుకోలేదు. పై అధికారితో “మనం ఆరబెట్టాం సార్” అంటే ఆయన చేయని పనిలో ఆయన్ను కలిపినట్టు, అది కాకా. “మేం ఆరబెట్టాం సార్” అంటే నిజమే గాని, ఒక్కోసారి మీరు కాదు మేము అన్న గీత గీసినట్టు వినిపిస్తుంది. రెంటికీ క్రియ ఒకటే: ఆరబెట్టాం. సర్వనామం తీసేస్తే గీతా ఉండదు, కాకా ఉండదు. అబద్ధం ఆడకుండా ఆ తేడాను పక్కన పెట్టే వీలు మన భాషలోనే ఉంది.

పనిచేసినది

మే నెలాఖరుకి సీజను ముగుస్తుండగా మరో మాట వచ్చింది: “మీ లోడులో బస్తా విప్పితే చెమ్మ వాసనే లేదు. నిరుటికీ ఇప్పటికీ పోలికే లేదమ్మా.” ఈసారి ఆమె వెంటనే రాయలేదు. మేము అనుకున్నట్టు ముందు ఒక ప్రశ్న వేసుకుంది: ఆయన మెచ్చుకున్నది దేన్ని? నన్నా, శ్రమనా, ఫలితాన్నా? ఇక్కడ మెచ్చుకున్నది ఫలితాన్ని, అందులోనూ ఒక చిన్న భాగాన్ని, చెమ్మ లేకపోవడాన్ని. కాబట్టి జవాబు కూడా దాని మీదే ఉండాలి. పొద్దున్న ఆరింటికి రావడం, రిజిస్టరు, మూడు చోట్ల మీటరు ఇవన్నీ నిజాలే అయినా ఈ మాటకు జవాబులు కావు.

చెమ్మ లేకపోవడానికి కారణం ఒకటే. నిరుడు ఎండలో కాలిన పిక్కలను సాయంత్రం ఆ వేడి మీదే బస్తాలకెత్తి మూతి కుట్టేవారు, లోపల ఆవిరి పట్టి బూజు వచ్చేది. ఈ ఏడాది రాత్రంతా షెడ్డులో పలచగా పరిచి, చల్లారాక పొద్దున్న ఎత్తారు. ఆ ఆలోచన ఎవరిదని అడిగాను. కొంచెం ఆగి “బాబాయిదే. నేను ఒప్పుకుని, దానికి షెడ్డు ఖాళీ చేయించాను” అంది. తొమ్మిది వరుసల సందేశంలో ఈ సంగతి లేనే లేదని అప్పుడు గమనించాం.

ఆమె పంపింది ఇది: “సంతోషం సార్. ఈసారి వేడి మీద ఎత్తకుండా, రాత్రి షెడ్డులో చల్లారనిచ్చి పొద్దున్న బస్తాలకెత్తాం. ఆ మాట మొదట చెప్పింది కాటా బాబాయి.”

మూడు వాక్యాలు, “నేను” లేదు. బాబాయికిచ్చిన ఘనత పాత “అంతా మీ చలవే” లాంటిది కాదు. ఆ పాత మాట నిజం కాదు కాబట్టి ఎవరికీ ఏమీ ఇవ్వలేదు, ఆమె తప్పించుకోవడానికి మాత్రం పనికొచ్చింది. ఈ మాట ఒక మనిషికి, అతను నిజంగా చేసిన ఒక పనికి చెందుతుంది. ఘనత పంచడానికీ, తోసేయడానికీ తేడా ఎలా తెలుస్తుందని నన్ను తరచూ అడుగుతారు. “ఏం చేశాడు?” అని ఎదురు ప్రశ్న వేస్తే జవాబు ఉండాలి. “మీ చలవే” అన్నవాళ్లను “నేనేం చేశాను?” అని పై అధికారి అడిగితే నోట మాట రాదు.

పది నిమిషాల్లో ఆయన అడిగారు: “రాత్రి ఎంత మందాన పరుస్తున్నారు?” గ్రూపులో అదే మొదటిసారి ఆమెను ఆయన తిరిగి ప్రశ్న అడగడం. ఆమె ఒక వరుసలో జవాబిచ్చి, వివరాలన్నీ విడిగా ఆయనకు పంపింది. గ్రూపులో ఒక నిజం, విడిగా పూర్తి పద్ధతి: ఈ విభజన నేను చెప్పింది కాదు, తొమ్మిది వరుసల చేదు అనుభవం నుంచి ఆమె తీసుకున్నది. అప్పటి నుంచి నేను ఇతరులకూ ఇదే చెబుతున్నాను. ఆ సాయంత్రం “మేం కూడా” అన్న డిపో వాళ్లే షెడ్డు గురించి ఆమెను అడిగారు. మర్నాడు బాబాయి ఆమెతో ఏమీ అనలేదు గాని, టీ తెప్పించారట.

తనది కాని మెచ్చుకోలు

జూన్ మొదట్లో అసలు పరీక్ష ఎదురైంది. ఒక రాత్రి ఈదురుగాలితో కాలవైశాఖి వాన కొట్టింది. కళ్లంలో ఉన్న చివరి కుప్పలు తడవలేదు. అధికారి పొద్దున్నే “రాత్రి వానకి సరుకు కాపాడావు, శభాష్ అమ్మా” అని రాశారు. ఆమె ఆ రాత్రి ఇంట్లో నిద్రపోతోంది. పరదాలు కప్పింది వాచ్‌మన్.

ఇలాంటప్పుడు మౌనంగా “సంతోషం సార్” అనేస్తే అది గొప్ప చెప్పుకోవడం కంటే చెడ్డది, ఎందుకంటే అబద్ధం ఆమె నోటి నుంచి రాకపోయినా ఆమె పేరు మీద నిలుస్తుంది. “అయ్యో నేను కాదు సార్” అంటే అది మళ్లీ పాత వినయంలాగే కనబడి ఆయన నమ్మకపోవచ్చు. వినయానికి వాడే మాటలనే నిజం చెప్పడానికీ వాడితే నిజం వినబడదు, పాత అలవాటు చేసే హాని ఇది కూడా. ఆమె రాసింది: “సరుకు తడవలేదు సార్. పరదాలు కప్పింది వాచ్‌మన్, రాత్రి ఒంటిగంటకు ఒక్కడే. నేను పొద్దున్న వచ్చి మీటరు చూశాను, తేమ పెరగలేదు.” ఇక్కడ “నేను” అవసరమే, ఎవరి పని ఏదో వేరు చేయడానికి వచ్చింది కాబట్టి నప్పింది. “నేను” ఎప్పుడూ రాయొద్దన్న సూత్రంగా నేను దీన్ని నేర్పకపోవడానికి కారణం ఈ సందేశమే.

పనిచేయని చోటు

అదే సంస్థలో ఇంకో పెద్ద ఉద్యోగి, ఆమె ప్రొఫైల్ ఫొటో మారిస్తే రాత్రి పూట విడిగా “చీరలో బాగున్నారు” లాంటివి రాసేవాడు. దానికీ “సంతోషం సార్” అనాలా అని అడిగింది. వద్దన్నాను. ఇంతవరకు చెప్పిందంతా పని మీద వచ్చే మెచ్చుకోలుకే చెందుతుంది, ఎందుకంటే అక్కడ జవాబులో పెట్టడానికి పనికి సంబంధించిన నిజం ఒకటి ఉంటుంది. మనిషి మీద వచ్చిన మాటకు అలాంటిదేమీ లేదు, సంతోషం చెబితే అది ఇంకో మాటకు పిలుపవుతుంది. ఆ రాత్రి జవాబివ్వకుండా, మర్నాడు పనివేళలో ఆ సందేశాన్ని దాటేసి లారీ సమయం గురించి మాత్రమే అడగమన్నాను. రెండుసార్లు అలా చేశాక మాటలు ఆగాయి. ఆగకపోయి ఉంటే ఇది రాత నేర్పే నా పరిధి దాటి, సంస్థలో ఫిర్యాదు చేయాల్సిన విషయం అయ్యేది, ఆ సంగతి ఆమెకు ముందే చెప్పాను. ఆ సందేశాలను చెరిపేయవద్దని కూడా చెప్పాను.

తర్వాత

ఫిబ్రవరిలో, కొత్త సీజనుకు ముందు, డిపోల వాళ్లందరికీ ఆరబెట్టే పద్ధతి చూపించడానికి ఆమెనూ కాటా బాబాయినీ కలిపి పిలిచారు. దీనికి ఆ మూడు వాక్యాల సందేశమే కారణమని నేను అనలేను. సరుకు బాగుండటమే మొదటి కారణం. అయితే సరుకు ఏప్రిల్‌లో కూడా బాగానే ఉంది.

నా వైపు నుంచి మార్చుకున్నది ఒకటి. ఇప్పుడు ఎవరు ఈ సమస్యతో వచ్చినా మొదటి రోజే ఆత్మవిశ్వాసం గురించి మాట్లాడను. వాళ్ల మెచ్చుకోలును నోటితో చెప్పి, ఒకసారి రెట్టించి చూస్తాను. రెట్టించాక సమాచారం బయటికొస్తే సమస్య మనిషిలో లేదు, రాతలో ఉంది. అప్పుడు ఆ రెండో జవాబునే మొదటి జవాబుగా రాయడం నేర్పితే సరిపోతుంది. రెట్టించినా “ఏమో, అలా జరిగిపోయింది” అనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల కేసు వేరు, దానికి ముందు వాళ్ల పనిని వాళ్లే గమనించడం నేర్చుకోవాలి.

ఈ ఏప్రిల్‌లో ఆమె ఒక సందేశం పంపి చూడమంది. అధికారి మళ్లీ మెచ్చుకున్నారు, ఆమె రాసుకున్న జవాబు: “సంతోషం సార్. పరదాలు ముందే ఉండటం వల్ల మనం ఈసారి రెండు వానలు తప్పించుకున్నాం.” నేను “మనం” దగ్గర గీత గీసి, ఇది కాకా కాదా అని అడిగాను. “కాదండీ. పరదాలు ఆయనే మార్చిలో పంపించారు” అంది. గీత కొట్టేశాను.